ఖాళీ ట్యూబుల సంచి

కిందటి ఏడాది మార్చిలో నా నడుము మీద, సరిగ్గా లంగా బొందు బిగించే చోట, రూపాయి బిళ్లంత మచ్చ లేచింది. అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు రాలుతోంది. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. శ్రీశైలానికి నడిచిపోయే శివస్వాములు మా ఆత్మకూరు దాటి అడవిలోకి వెళ్లారంటే ఇక్కడ ఎండ ముదిరినట్టే. బడి వదిలి ఇంటికి వచ్చేసరికి బొందు చెమటకు తడిసి నడుముకు అతుక్కుపోయేది. దాని కింద నవ మొదలయ్యేది. రాత్రిళ్లు ఎక్కువ.

మా అత్త ఒక్క చూపు చూసి "తామర" అంది. ఆమె మాట తప్పు కాదు. తప్పులన్నీ ఆ తర్వాత ఏడు నెలలు నేను చేసినవాటిలో ఉన్నాయి. వాటిని వరసగా చెప్తాను. ఇదే దారిలో నడుస్తున్న ఇళ్లు మా వీధిలోనే నాకు నాలుగైదు తెలుసు.

మొదటి వారం వేపాకు, పసుపు నూరి పట్టించాను. నవ కాస్త చల్లబడింది గానీ మచ్చ పెరిగింది. అప్పుడు ఒక మెడికల్ షాపుకు పోయాను. మచ్చ చూపించలేదు, అది చూపించే చోటు కాదు. "తామర" అన్నాను, అంతే. షాపతను వెనక అరలో నుంచి ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. "రాయండి మేడమ్, మూడు రోజుల్లో తక్కువైతాది" అన్నాడు. నిజంగానే రెండో రోజుకు నవ లేదు. వారానికి ఎరుపు పోయింది. ఇంక ఎందుకని రాయడం మానేశాను. పది రోజులకు అదే చోట మళ్లీ లేచింది, ఈసారి అరచేయంత.

మళ్లీ అదే ట్యూబు, మళ్లీ అదే నెమ్మది, మళ్లీ అదే తిరగబాటు. జూన్‌కు తొడలకు దిగింది. జులైలో మా చిన్నోడి చంకలో ఒక మచ్చ కనిపించింది, వాడూ నేనూ ఒకే తువ్వాలు వాడేవాళ్లం. ఆగస్టులో ఒక ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకున్నాను. మూడు వారాలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత వచ్చింది చూస్తే అసలు తామరలానే లేదు. గుండ్రటి అంచు లేదు, పొట్టు లేదు. నడుము చుట్టూ చెదురుమదురుగా గోధుమరంగు మరకలు, మధ్యలో సన్నటి ఎర్ర పొక్కులు. తొడల సందుల్లో చర్మం పల్చబడి చారలు తేలింది. మా అత్త కూడా ఈసారి దాన్ని గుర్తుపట్టలేకపోయింది.

అక్టోబరులో కర్నూలు పోయాను.

ఆ ట్యూబులో ఏముందో ముందు చెప్పాలి, అది తెలియకుండా మిగతా కథ అర్థం కాదు. తామర ఫంగస్ వల్ల వస్తుంది. అది చర్మం పైపొరలో ఉండే కెరాటిన్‌ను తిని బతుకుతుంది. దాన్ని తరమడానికి మన ఒళ్లు చేసే పోరాటమే ఎరుపు, వాపు, నవ. నేను కొన్న ట్యూబులో ఫంగస్‌ను చంపే మందు ఉంది, బ్యాక్టీరియాను చంపే మందు ఉంది, వాటితో పాటు క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఉంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతిలోది అది. స్టెరాయిడ్ ఫంగస్‌ను చంపదు, ఒంటి పోరాటాన్ని ఆపుతుంది. కుక్క మొరగడం మానిందంటే దొంగ వెళ్లిపోయాడని అర్థం కాదు కదా. నవ ఆగిన ఆ వారం రోజులూ ఫంగస్ అడ్డూ ఆపూ లేకుండా పాకింది. నేనేమో మంచి మందు దొరికిందని సంతోషపడ్డాను.

ఇలా స్టెరాయిడ్‌తో రూపం మారిపోయిన తామరకు వైద్యుల దగ్గర ఒక పేరుంది, టీనియా ఇన్‌కాగ్నిటో. మారువేషంలో ఉన్న తామర అని అర్థం. 1968లోనే ఇద్దరు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని వర్ణించారు. అంటే ఇది కొత్తగా పుట్టిన తంటా కాదు. కొత్తదేమిటంటే, గత పదేళ్లకు పైగా మన దేశంలో తామర మొండికేసింది. 2020లో జపాన్ పరిశోధకులు అక్కడి భారతీయ, నేపాలీ రోగుల నుంచి తీసిన ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. మామూలుగా తామరకు వాడే టెర్బినాఫిన్ మందుకు ఇది చాలామందిలో లొంగదు. 2023లో న్యూయార్క్‌లో కూడా ఇది బయటపడింది. స్టెరాయిడ్ కలిపిన ట్యూబులను ఇష్టమొచ్చినట్టు రాయడం దీనికి దోహదం చేసిందని మన చర్మవైద్యులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నాకు మాత్రం చీటీ అడక్కుండానే ఇచ్చారు, నేనూ అడక్కుండానే తీసుకున్నాను.

ఇంతకీ నేను ఎప్పుడు ఆగి ఉండాల్సింది? ఈ ప్రశ్న కర్నూలులో నన్ను చూసిన డాక్టరమ్మను అడిగాను. "రెండోసారి వచ్చినప్పుడు" అందామె. ఏడు నెలల్లో నేను విన్న అతి చిన్న వైద్యం అదే.

తామర చిన్న మచ్చగా, ఒకే చోట ఉంటే స్టెరాయిడ్ లేని, ఒట్టి ఫంగస్ మందు మాత్రమే ఉన్న లేపనం రాసి చూడటంలో తప్పు లేదు. క్లోట్రిమజోల్ అలాంటిదే. మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల దూరం దాకా, అంటే సుమారు బొటనవేలు వెడల్పు దాకా బయటి చర్మానికి కూడా రాయాలి, ఎందుకంటే ఫంగస్ కంటికి కనిపించే అంచు దగ్గర ఆగదు. రెండు వారాలు సరిగ్గా రాసినా తగ్గుముఖం పట్టకపోతే అక్కడితో ఆపాలి. తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తే, రెండో చోటికి పాకితే, ఇంట్లో ఇంకొకరికి అంటితే, ఆ రోజే సొంత వైద్యం ముగిసిందనుకోవాలి. నా లెక్కలో అది ఏప్రిల్. నేను పోయింది అక్టోబరులో.

కొన్ని చోట్ల ఆ రెండు వారాలు కూడా వద్దు. పసిపిల్లల చర్మం మందును చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది, వాళ్లకు పెద్దవాళ్ల ట్యూబు రాయకండి. ముఖానికి కూడా అంతే. తెల్లబడటానికని ఊళ్లో ఆడపిల్లలు రాసుకునే కొన్ని క్రీముల్లో మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాసి ఒక్కసారిగా మానేస్తే ముఖం ఎర్రగా కందిపోయి మండుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. అలాంటివాళ్లు సొంతంగా మానే ప్రయత్నం చేయకుండా, రాస్తున్న ట్యూబుతో సహా డాక్టరు దగ్గరికి పోవాలి.

నవ లేని మచ్చను కూడా వదిలేయకూడదు. నా తరగతిలో ఒక పాప మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఉండేది. సోబి అనుకుని వాళ్లమ్మ ఏదో రాస్తూ వచ్చింది. నొప్పి లేదు, దురద లేదు కాబట్టి తొందరపడలేదు. చర్మవైద్యుల బోర్డు మీద డీవీఎల్ అని ఉంటుంది చూడండి, డెర్మటాలజీ, వెనీరియాలజీ, లెప్రసీ. ఆ చివరి అక్షరం ఊరికే పెట్టింది కాదు. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తగ్గిందంటే కుష్ఠు అయి ఉండొచ్చు. కళ్లు మూయించి దూది పోగుతో తాకి చూస్తారు. కుష్ఠు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే నరం చెడుతుంది, చెడిన నరం తిరిగి రాదు. ఆ పాపది కుష్ఠు కాదని తేలింది. అయినా వాళ్లమ్మను ఆసుపత్రికి పంపినందుకు నేను పశ్చాత్తాపపడలేదు.

ఇక అపాయింట్‌మెంటు కోసం చూడకూడనివి ఉన్నాయి. కొత్త మాత్ర మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు వచ్చినా, చర్మం బొబ్బలెక్కి ఊడుతున్నా, పెదాలు వాచి ఊపిరి ఆడకపోయినా అర్ధరాత్రైనా పెద్ద ఆసుపత్రికి పోవాలి. షుగరు ఉన్నవాళ్ల కాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వచ్చినా అంతే.

సరే, కర్నూలు ప్రయాణానికి వద్దాం. ఆత్మకూరు నుంచి నందికొట్కూరు మీదుగా పొద్దున బస్సెక్కితే ఇంటికి వచ్చేసరికి రోజు అయిపోతుంది. నాకు ఒక సెలవు పోతుంది, కూలికి పోయేవాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. గూడేల నుంచి దిగి వచ్చే చెంచులకైతే ఇంకా దూరం. అంత ఖర్చు పెట్టి పోతే ఓపీలో డాక్టరు ముందు కూర్చునేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో "ఎప్పటి నుంచి?" అంటే "చానా రోజులాయె" అనీ, "ఏం రాశారు?" అంటే "ఏదో తెల్ల ట్యూబు" అనీ అంటే ప్రయాణం సగం వృథా.

నాకు ఈ తెలివి సొంతంగా రాలేదు. నాతో పనిచేసే టీచరమ్మ ఒకామె అంతకు ముందు ఇదే పడి లేచింది. ఆమె రెండు మాటలు చెప్పింది. ఒకటి, రాసిన ట్యూబులన్నీ తీసుకుపో, ఖాళీవైనా సరే. రెండు, కాగితం మీద తేదీలు రాసుకో.

ఆ రాత్రి కూర్చుని ఇల్లంతా వెతికాను. బీరువా పైన, కిటికీ గూట్లో, బాత్రూంలో దొరికినవి ఆరు ట్యూబులు. నేను ఒకటే మందు అనుకున్నాను గానీ మూడు వేర్వేరు పేర్లు. రెండింటిలో క్లోబెటసాల్, ఒకదానిలో బీటామెథసోన్. అన్నీ ఒక గుడ్డసంచిలో వేశాను. కాగితం మీద ఇలా రాశాను: మార్చి రెండో వారం, నడుము మీద మొదటి మచ్చ, రూపాయి బిళ్లంత. ఏప్రిల్, మొదటి ట్యూబు, వారం రాశాను, తగ్గింది, పది రోజులకు వచ్చింది. జూన్, తొడలు. జులై, చిన్నోడి చంక. ఆగస్టు, ఇంజెక్షన్, పేరు తెలియదు. దాని కింద రోజూ వేసుకునే మాత్రలు: పొద్దున పరగడుపున గ్యాస్ మాత్ర, పాంటాప్రజోల్, రెండేళ్లుగా. ఇది చర్మానికి ఏం సంబంధం అని రాయకుండా వదిలేయబోయాను. టీచరమ్మ రాయమంది.

ఫోటోల విషయంలో నాకు అదృష్టం కలిసొచ్చింది. ఏప్రిల్‌లో మా చెల్లెలికి చూపించడానికి నడుము మీద మచ్చ ఫోటో తీసి పంపాను. అది ఫోన్‌లో ఉండిపోయింది. తామర అసలు రూపంలో ఉన్నప్పటి సాక్ష్యం అదొక్కటే. మీకు మచ్చ లేచిన వారంలోనే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. వరండాలో పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒకటి దూరం నుంచి ఒంట్లో ఏ చోటో తెలిసేలా, ఒకటి దగ్గర నుంచి పక్కన రూపాయి బిళ్ల పెట్టి. మచ్చ పెరిగిందా తగ్గిందా అనేది మన జ్ఞాపకం కంటే ఆ బిళ్ల బాగా చెప్తుంది. వచ్చిపోయే దద్దుర్లకైతే ఇది మరీ అవసరం. డాక్టరు ముందుకు పోయేసరికి చర్మం మామూలుగా ఉంటుంది.

పోయే రోజు ఒంటికి ఏమీ రాయకూడదు. పసుపు, గోరింటాకు, నూనె, పౌడరు అసలు రంగును కప్పేస్తాయి. గోరు చూపించాలంటే గోళ్లరంగు తీసేయాలి. ముఖం చూపించాలంటే క్రీము, పౌడరు లేకుండా పోవాలి. తేలిగ్గా వదులు చేసుకోగల బట్టలు వేసుకోవాలి. సిగ్గుపడి "ఇక్కడ ఒక్కచోటే" అని చెప్పి తొడల సంగతి దాచకూడదు. ఆడడాక్టరు కావాలనిపిస్తే ముందే అడగొచ్చు. దురద ఉన్న ఇంటివాళ్లందరినీ అదే రోజు తీసుకుపోవాలి. నేను చిన్నోడిని తీసుకుపోయాను. మా అత్త కూడా బయల్దేరింది, ఆమెకు చీలమండ దగ్గర ఒక మచ్చ ఉన్న సంగతి అప్పుడు గానీ మాకు చెప్పలేదు.

డాక్టరమ్మ నా మాటలు వినకముందే సంచి బల్ల మీద బోర్లించింది. ఒక్కో ట్యూబు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివి మూడు కుప్పలు చేసింది. తర్వాత నా నడుము చూసింది. మొద్దు అంచున్న బ్లేడుతో మచ్చ చివర్న మెల్లగా గీకింది. నొప్పి లేదు, పొడి పొట్టు రాలింది. దాన్ని గాజు పలక మీద వేసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసింది. ఆ ద్రావణం చర్మకణాలను కరిగిస్తుంది, ఫంగస్ మిగులుతుంది. కాసేపాగి మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమంది. పారదర్శకంగా, కొమ్మలు కొమ్మలుగా చీలిన దారాలు. చిక్కుపడ్డ కుట్టుదారంలా గాజు నిండా ఉన్నాయి. "స్టెరాయిడ్ రాసిన చోట ఇవి బాగా దొరుకుతాయమ్మా" అంది. అదే ముందు రోజుల్లో ఒట్టి ఫంగస్ మందు రాసి ఉంటే పరీక్షలో దొరక్కుండా పోయే వీలుంది, కాబట్టి చివరిసారి ఏది ఎప్పుడు రాశారో చెప్పాలి.

అప్పుడు కాగితం తీసుకుంది. గ్యాస్ మాత్ర దగ్గర వేలు ఆగింది. ఆమె నాకు రాయబోయేది ఇట్రాకోనజోల్ క్యాప్సూల్. అది కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. రెండూ కలిపి వేసుకుంటే నెలరోజులు మందు మింగినా ఒంటికి పట్టేది తక్కువ, ఆ తర్వాత మందు పనిచేయలేదని అనుకునేదాన్ని. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అని నాలుగు ప్రశ్నలు అడిగి, ఆపమంది. క్యాప్సూల్ భోజనం తిన్న వెంటనే వేసుకోమంది. లివర్ పరీక్ష చేయించింది. మా అత్త కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటుంది. దానికీ ఇట్రాకోనజోల్‌కూ పడదు, కండరాలు దెబ్బతినొచ్చు. ఆమెది ఒక్క మచ్చే కాబట్టి మాత్ర లేకుండా లేపనంతో సరిపెట్టింది. రోజూ వేసుకునే రెండు మాత్రల పేర్లు రెండు చీటీలను మార్చేశాయి.

బయటికి రాబోతుంటే నేను రాసుకుపోయిన ప్రశ్నలు అడిగాను. అవి కూడా ముందే రాసుకోవాలి, లోపలికి పోయాక ఏదీ గుర్తుండదు. ఎన్నాళ్లు వాడాలి? మచ్చ కనిపించకుండా పోయాక ఇంకా రెండు వారాలు. ఎప్పుడు తిరిగి రావాలి? నెలకు. మొదటి వారం నవ పెరిగితే? పెరుగుతుంది, స్టెరాయిడ్ ఆపాం కాబట్టి. దురద మాత్ర వేసుకోండి, పాత ట్యూబు జోలికి పోవద్దు. ఈ చివరి మాట ముందే అడిగి తెలుసుకోకపోతే నాలుగో రోజు రాత్రి నేను ఆ ట్యూబు పిండేదాన్ని. అంతగా పీకింది.

ఇంట్లో తువ్వాళ్లు వేరు చేశాం. బట్టలు వేడినీళ్లలో ఉతికి, లోపలి వైపు బయటికి తిప్పి ఎండలో ఆరేశాం. బొందు కాస్త వదులు చేసి రోజుకో చోట కట్టుకున్నాను. చిన్నోడికి నెలలో తగ్గింది. నాకు జనవరి దాకా పట్టింది. మచ్చలు పోయాయి, తొడల మీద చారలు మిగిలాయి. చర్మం లోపలి పొర చిట్లి వచ్చిన చారలు అవి, రంగు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవని ఆమె మొదటి రోజే చెప్పింది.

మీ ఇంట్లో కిటికీ గూట్లో సగం పిండిన ట్యూబు ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రి దాన్ని తీసి వెనక పేర్లు చదవండి. క్లోట్రిమజోల్ ఒక్కటే ఉంటే అది ఒట్టి ఫంగస్ మందు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. అలాంటిది ఎవరికైనా తామర మీద రాస్తుంటే మాన్పించి డాక్టరు దగ్గరికి పంపండి. ట్యూబును మాత్రం పారేయకండి, సంచిలో వేసి వాళ్ల చేతికివ్వండి.